షేర్ మార్కెట్ పుస్తకం: కొనేముందు ఎలా పరీక్షించాలి, కొన్నాక ఎలా చదవాలి

"సార్, షేర్ మార్కెట్ గురించి తెలుసుకోవాలనుంది. కానీ భయం. మొదట ఏ పుస్తకం చదవమంటారు?"

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. అడిగేవాళ్లలో చాలామందికి యాభై అటూఇటూగా వయసు. పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చాయి, రిటైర్మెంటు కనుచూపు మేరలో ఉంది. చేతిలో పీఎఫ్, బ్యాంకులో కాస్త డిపాజిట్, ఎక్కడో ఒక ప్లాటు. అగ్రిగోల్డ్‌లో కట్టి ఏడ్చిన చుట్టం ప్రతి ఇంటికీ ఒకరుంటారు కాబట్టి వీళ్ల భయం ఉత్త భయం కాదు. ఆ భయాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. దాన్ని పనికి పెట్టుకోవడం ఎలాగో చెబుతాను.

ఏ పుస్తకం అన్నది రెండో ప్రశ్న. ఏ పుస్తకాన్నయినా పరీక్షించడం ఎలా అన్నది మొదటిది. ఎందుకంటే ఇప్పుడు పుస్తకాన్నే ఎరగా వేస్తున్నారు. ఫేస్‌బుక్‌లో "షేర్ మార్కెట్ రహస్యాలు, ఉచిత పుస్తకం" అని ప్రకటన వస్తుంది. నొక్కితే పుస్తకం రాదు, వాట్సాప్ గ్రూపు తెరుచుకుంటుంది. అక్కడ ఒక "ప్రొఫెసర్" రోజూ సాయంత్రం పాఠం చెబుతాడు. పది రోజులు పాఠాలు నిజంగానే బాగుంటాయి. ఆ తర్వాత ఒక యాప్ దించుకోమంటారు.

ఏం కావాలి

ఒక నోటుబుక్కు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, ఇంటర్నెట్, మూడు నెలల సమయం. వెయ్యి రూపాయల లోపు పుస్తకాల ఖర్చు. అది కూడా తగ్గించుకోవాలంటే ఊళ్లోని గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకోండి. చిత్తూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, తిరుపతిలో యూనివర్సిటీ వాళ్లు తెలిసినవాళ్లుంటే ఇంకా మంచిది.

అక్కర్లేనిది షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా. ఈ మూడు నెలలూ అది తెరవకండి. ఖాతా ఉంటే చెయ్యి ఊరుకోదు, సగం చదివిన అధ్యాయంతోనే ఏదో ఒకటి కొంటారు.

1. పుస్తకం మీ దగ్గరికి ఏ దారిన వచ్చిందో రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో ఒక్క వాక్యం రాయండి: ఈ పుస్తకం నాకెలా తెలిసింది? గ్రంథాలయం, పుస్తకాల షాపు, చదివిన స్నేహితుడు అయితే ముందుకు సాగండి. ఫోన్‌కి వచ్చిన లింకు, టెలిగ్రామ్‌లో వచ్చిన ఫైలు, తెలియనివాళ్లు పంపినది అయితే అక్కడే ఆపండి. అందులోని విషయం మంచిదే అయినా సరే.

షాపులో కొన్న పుస్తకానికీ ఒక పరీక్ష ఉంది. చివరి పేజీలు తిప్పండి. "మా గ్రూపులో చేరండి" అని క్యూఆర్ కోడ్, "రోజూ టిప్స్ కోసం ఈ నంబరుకి మెసేజ్ చేయండి" అనే గీత కనిపిస్తే ఆ పుస్తకం అమ్ముతున్నది చదువు కాదు, మిమ్మల్ని. పుస్తకం మీకు చెప్పాలి, మీరు వినాలి, అంతే. మీ ఫోన్ నంబరు అడిగే పుస్తకం నాకు వద్దు, మీకూ వద్దనే చెబుతాను.

ఒకవేళ ఇదివరకే అలాంటి గ్రూపులో చేరి ఉంటే ఒకటి గమనించండి. కేవలం మార్కెట్ విద్య బోధిస్తున్నామని చెప్పుకునేవాళ్లు పాఠంలో వాడే షేర్ల ధరలు కనీసం మూడు నెలల పాతవై ఉండాలని, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సంస్థ సెబీ 2025 జనవరిలో ఆదేశించింది. "పాఠం" పేరుతో ఈరోజు ధర చూపించి రేపు ఇంతవుతుంది అంటున్నారంటే అది పాఠం కాదు.

2. అట్ట మీది మాటని మన వడ్డీ లెక్కలోకి మార్చండి

"నెలకు 5 శాతం క్రమం తప్పని ఆదాయం" అని అట్ట మీద ఉందనుకోండి. శాతాల్లో వింటే చిన్నగా ఉంటుంది. మనవైపు లెక్కలో అది నూటికి ఐదు రూపాయల వడ్డీ. నూటికి రెండు రూపాయలంటేనే ఊళ్లో గట్టి వడ్డీ అనుకుంటాం కదా.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. లక్ష రూపాయల మీద నెలకు 5 శాతం, వచ్చింది వచ్చినట్టు మళ్లీ అందులోనే పెడితే ఏడాదికి సుమారు 1 లక్షా 80 వేలు. అయిదేళ్లకు 18 లక్షల 70 వేల దాకా. పదేళ్లకు దాదాపు 3 కోట్ల 49 లక్షలు. ఇరవై ఏళ్లకు 1,200 కోట్లు దాటుతుంది. ఒక్క లక్షతో మొదలుపెడితే ఇంత. రచయిత పరిచయంలో "ఇరవై ఏళ్ల అనుభవం" అని రాసుకుని ఉంటే ఆ లెక్కని అక్కడ అన్వయించి చూడండి. అదే లక్ష ఏడాదికి 12 శాతం చొప్పున పెరిగితే పదేళ్లకు 3 లక్షల 10 వేలు అవుతుంది. షేర్లలో ఆ 12 శాతానికి కూడా ఎవరూ పూచీ ఇవ్వలేరు. మధ్యలో కొన్నేళ్లు నష్టమే చూడాల్సి రావచ్చు.

లాభం ఖాయమని హామీ ఇవ్వడం సెబీ దగ్గర నమోదైన సలహాదారులకు నిషేధం. కాబట్టి అట్ట మీద, ముందుమాటలో, ఎక్కడైనా "గ్యారంటీ", "నష్టం లేని", "క్రమం తప్పని" అనే మాటలుంటే ఇక తక్కిన పరీక్షలు అక్కర్లేదు, పుస్తకం షెల్ఫులో పెట్టేయండి.

3. రచయిత పేరు పక్కనున్న ముద్రలు చూడండి

ఇక్కడ మోసపోయేది ఎక్కువగా చదువుకున్నవాళ్లే, ఎందుకంటే సర్టిఫికెట్లంటే వాళ్లకే గౌరవం ఎక్కువ. కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

"ఎన్ఐఎస్ఎం సర్టిఫైడ్" అంటే ఒక పరీక్ష పాసయ్యారని అర్థం. ఫీజు కట్టి చదివితే ఎవరైనా రాయవచ్చు. అది సలహా ఇచ్చే అనుమతి కాదు. జీఎస్టీ నంబరు వ్యాపారానికి సంబంధించినది. ఐఎస్‌బీఎన్ అనేది పుస్తకానికి గుర్తింపు సంఖ్య మాత్రమే. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న ప్రభుత్వ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. సొంతంగా అచ్చేసుకునేవాళ్లూ తీసుకోవచ్చు, లోపల ఏం రాశారో ఎవరూ చూడరు.

"సెబీ రిజిస్టర్డ్" అని ఉంటే మాత్రం నంబరు ఉండాలి. పెట్టుబడి సలహాదారుకి INA తో, రీసెర్చ్ అనలిస్టుకి INH తో, బ్రోకరుకి INZ తో మొదలవుతుంది. sebi.gov.in లో నమోదైన మధ్యవర్తుల జాబితా ఉంది. అక్కడ నంబరు కొట్టండి. నంబరు దొరికితే సరిపోదు, పేరూ చిరునామా ఫోన్ నంబరూ పుస్తకంలో ఉన్నవాటితో కలవాలి. అసలు సంస్థ నంబరునే దొంగిలించి వాడుకోవడం నేటి మోసాల్లో మామూలు.

మంచి పుస్తకం రాయడానికి సెబీ నమోదు అవసరం లేదు. పత్రికా రచయితలూ ఆచార్యులూ రాసినవి ఎన్నో ఉన్నాయి. ముద్ర లేకపోవడం తప్పు కాదు, లేని ముద్ర వేసుకోవడం తప్పు.

4. పుస్తకం వయసు కనిపెట్టండి

మూడో పేజీలో ముద్రణ సంవత్సరం ఉంటుంది, కానీ దాన్ని నమ్మకండి. "2025 కొత్త ఎడిషన్" అని అట్ట మార్చి లోపల పాత సరుకే ఉంచేవాళ్లున్నారు. అసలు వయసు పన్నుల అధ్యాయంలో దొరుకుతుంది.

ఏడాదికి పైగా ఉంచుకున్న షేర్లు అమ్మితే వచ్చే లాభం మీద 12.5 శాతం పన్ను, ఏడాదిలో 1 లక్షా 25 వేల వరకు మినహాయింపు అని ఉంటే అది 2024 జూలై 23 తర్వాత సరిచేసిన పుస్తకం. 10 శాతం, లక్ష మినహాయింపు అని ఉంటే 2018కీ 2024కీ మధ్యది. ఆ లాభానికి పన్నే లేదు అని ఉంటే 2018 ఏప్రిల్ కన్నా ముందుది. మ్యూచువల్ ఫండ్ కొనేటప్పుడు ఎంట్రీ లోడ్ అనే రుసుము కట్టాలి అని ఉంటే 2009 ఆగస్టుకు ముందు రాసినది, ఎందుకంటే ఆ నెలలో సెబీ దాన్ని తీసేసింది.

షేరు అమ్మాక లెక్క ఎన్ని రోజుల్లో తేలుతుందో కూడా చూడవచ్చు. 2023 జనవరి చివరి నుంచి అన్ని షేర్లకూ మరుసటి పనిదినానికే తేలుతోంది. రెండు రోజులు పడుతుంది అని ఉంటే అంతకన్నా పాతది.

పాత పుస్తకాలన్నీ పనికిరావని కాదు. పన్నులు, రుసుములు, దరఖాస్తు పద్ధతులు పాతబడతాయి. మనిషి ఆశ, భయం, కంపెనీ లెక్కలు చూసే తీరు అంత త్వరగా పాతబడవు. పాత పుస్తకంలో పన్నుల అధ్యాయాన్ని పెన్సిలుతో కొట్టేసి మిగతాది చదవండి. కొత్త ఎడిషన్ అని అబద్ధం చెప్పిన పుస్తకాన్ని మాత్రం పూర్తిగా వదిలేయండి.

5. నష్టపోయిన కంపెనీల పేర్లు వెతకండి

"ఫలానా షేరులో 1995లో లక్ష పెట్టి ఉంటే ఈనాటికి ఇన్ని కోట్లు" అనే పట్టిక ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అదే 1995లో లక్ష పెడితే సున్నా అయిన కంపెనీల పట్టిక ఉందా? గెలిచినవాళ్లని వెనక్కి తిరిగి చూసి ఏరడం ఎవరికైనా సులభమే.

మన తెలుగువాళ్ల కోసం నేను పెట్టే పరీక్ష సత్యం. విషయసూచికలోనో లోపలో సత్యం కంప్యూటర్స్ ప్రస్తావన ఉందేమో చూడండి. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఉత్తరం రాసి, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. అంతకు ముందు దాకా అది ఆడిటర్లు సంతకం పెట్టిన, పెద్ద పెద్ద ఫండ్లు కొన్న కంపెనీ. దీని గురించి కాకపోయినా, ఇలాంటి ఏదో ఒక పతనం గురించి, అది ముందే తెలుసుకోగలిగేవాళ్లమా, ఎంతవరకు తెలుసుకోలేము అని నిజాయితీగా చర్చించిన రచయిత మీకు మేలు చేస్తాడు. ఒక్క నష్టం కథా లేకుండా పుస్తకమంతా విజయాలే ఉంటే ఆ పుస్తకం సగమే రాసినట్టు.

ఒక పుస్తకాన్ని పరీక్షిద్దాం

తిరుపతి స్టేషన్లో రైలు కోసం చూస్తూ మీరు 350 రూపాయల పుస్తకం ఒకటి తీశారనుకుందాం. పేరు ఏదైతేనేం, షేర్ల రాబోయే ధరల మీద ఒప్పందాలు కొని అమ్మే ఆప్షన్ ట్రేడింగ్‌తో నెల నెలా ఆదాయం అనే రకం. దొరికింది షాపులో, కాబట్టి మొదటి పరీక్ష సగం పాస్. చివరి పేజీ తిప్పితే "ఉచిత లైవ్ క్లాసు" అని క్యూఆర్ కోడ్ ఉంది, మిగతా సగం ఫెయిల్. అట్ట మీద "నెలకు 4 శాతం" అని ఉంది, అంటే నూటికి నాలుగు రూపాయల వడ్డీ. రచయిత పేరు కింద "ఎన్ఐఎస్ఎం సర్టిఫైడ్", INH నంబరు లేదు. పన్నుల అధ్యాయమే లేదు. నష్టం అనే మాట "నష్టాన్ని ఇలా లాభంగా మార్చండి" అనే శీర్షికలో మాత్రమే కనిపించింది.

ఇదంతా చూడటానికి పది నిమిషాలు చాలు. ఇక విషయానికొస్తే, ఆప్షన్లు, ఫ్యూచర్ల గురించి సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ఉంది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో ఆ వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1 లక్షా 80 వేల కోట్లకు పైగా. సగటున మనిషికి రెండు లక్షలు. కాబట్టి ఆప్షన్లు, ఒకే రోజులో కొని అమ్మే ఇంట్రాడే, క్యాండిల్ చార్టుల పుస్తకాలు ఎంత బాగా రాసినా మీ వయసుకి, మీ అవసరానికి వద్దు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

6. ఈ వరుసలో చదవండి

మొదటిది ఉచితం. investor.sebi.gov.in లో సెబీ వాళ్ల ఆర్థిక విద్య పుస్తకం తెలుగులోనూ ఉంది. పేజీలు తక్కువ, శైలి ప్రభుత్వ శైలి, కాస్త పొడిగా ఉంటుంది. అయినా దీనితోనే మొదలుపెట్టమంటాను. డీమ్యాట్ అంటే ఏమిటి, డబ్బు ఏ దారిన వెళ్లి షేరుగా ఎలా వస్తుంది, ఫిర్యాదు ఎక్కడ చేయాలి అన్నవి ఏదీ అమ్మాలనే ఉద్దేశం లేనివాళ్ల నోట వింటారు. ఒక వారం చాలు. వేరే సైటు నుంచి దించుకోకండి, ఈ చిరునామా మీ చేత్తో కొట్టి వెళ్లండి.

రెండోది మోనికా హాలన్ రాసిన 'లెట్స్ టాక్ మనీ', 2018లో వచ్చింది. ఇంగ్లీషు తేలిక, ఉదాహరణలన్నీ మన దేశానివే. షేర్ల దాకా వెళ్లేముందు అత్యవసర నిధి, ఆరోగ్య బీమా, టర్మ్ బీమా సర్దుకోమంటుంది. చాలామంది ఈ భాగం తొందరగా దాటేస్తారు. దాటకండి. యాభై ఏళ్లవాడు షేర్లు అమ్ముకునేది మార్కెట్ పడినందుకు కాదు, ఎక్కువసార్లు వేలూరు ఆసుపత్రి బిల్లు కట్టడానికి. ఆ బిల్లు మార్కెట్ పడిన నెలలోనే వస్తే నష్టానికి అమ్మాల్సి వస్తుంది. 2018 ముద్రణ దొరికితే పన్ను అంకెలు నాలుగో మెట్టులో చెప్పినట్టు సరిచేసుకోండి. మూడు వారాలు పెట్టుకోండి.

మూడోది బెంజమిన్ గ్రాహమ్ 'ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్', మొదట 1949లో వచ్చింది. ఇది మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టి మూడో అధ్యాయంలో ఆగిపోయినవాళ్లే ఎక్కువ. అమెరికా బాండ్లు, అప్పటి రైల్వే కంపెనీలు మనకి పట్టవు. ఆయన శిష్యుడు వారెన్ బఫెట్ ఆ పుస్తకం ముందుమాటలో 8, 20 అధ్యాయాల మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టమన్నారు. మీరు ఆ రెండే చదవండి, రెండేసి సార్లు చదవండి. ఎనిమిదోది ధరల ఊగిసలాటని ఎలా చూడాలో చెబుతుంది. ఇరవయ్యోది మన లెక్క తప్పినా మునిగిపోకుండా ఎంత తేడా ఉంచుకుని కొనాలో చెబుతుంది. గ్రంథాలయంలో దొరికితే కొననే అక్కర్లేదు.

ఇంగ్లీషు ఇబ్బంది అనిపిస్తే మొదటిదాన్ని బాగా చదివి, రెండో పుస్తకంలోని బీమా, అత్యవసర నిధి అధ్యాయాలు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. వాళ్లకీ ఉపయోగమే.

ఒక పుస్తకం నడుస్తుండగా రెండోది తెరవకండి. అయిదు పుస్తకాలు సగం సగం చదివినవాడికి అయిదుగురి మాటలు కలిసిపోయి, చివరికి యూట్యూబ్‌లో గట్టిగా అరిచేవాడి మాటే నిలుస్తుంది.

7. చదివింది మన పక్కనున్న కంపెనీ మీద సాధన చేయండి

పుస్తకంలో లాభం, నగదు, అప్పు అని చదివితే బుర్రకెక్కదు. చూసిన కంపెనీ అయితే ఎక్కుతుంది. తిరుపతి నుంచి రేణిగుంట మీదుగా కడప రోడ్డులో వెళ్తుంటే కరకంబాడి దగ్గర అమరరాజా ఫ్యాక్టరీ కనిపిస్తుంది కదా. అది స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ. నేను దాన్ని కొనమనీ చెప్పడం లేదు, వద్దనీ చెప్పడం లేదు. సాధనకి మాత్రమే.

nseindia.com కి వెళ్లి ARE&M అని వెతకండి. ఆ కంపెనీ వార్షిక నివేదికలు అక్కడ ఉచితంగా ఉంటాయి. 2022-23ది దించుకోండి. అందులో అమరరాజా బ్యాటరీస్ అనే పాత పేరే ఉంటుంది, ఎనర్జీ అండ్ మొబిలిటీ అనే పేరు ఆ తర్వాత వచ్చింది. ఈ సంవత్సరాన్నే ఎందుకు చెప్పానంటే, 2023 జనవరి 30న చిత్తూరు దగ్గర వాళ్ల బ్యాటరీ ప్లాంటులో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. మీరు పేపర్లో చదివే ఉంటారు. ఆ మంటలు లెక్కల పుస్తకంలో ఎక్కడ కనిపిస్తాయో వెతకడం మీ పని. ఫైలులో fire అనే మాట వెతకండి. లాభనష్టాల పట్టికలో ఎక్సెప్షనల్ ఐటమ్స్ అనే వరుస చూడండి. దాని పక్కనున్న నోటు సంఖ్య పట్టుకుని వెనక్కి వెళితే ఏం కాలింది, బీమా ఏమిటి అన్న వివరణ దొరుకుతుంది. ఒక వార్త అంకెగా ఎలా మారుతుందో ఇలా ఒక్కసారి పట్టుకుంటే ఇక ఏ నివేదికైనా భయపెట్టదు.

తర్వాత రెండు అంకెలు పక్కపక్కన రాయండి: ఆ ఏడాది నికర లాభం, క్యాష్ ఫ్లో పట్టికలో ఆపరేటింగ్ యాక్టివిటీస్ నుంచి వచ్చిన నగదు. ఈ రెండూ వేరెందుకో తెలియడానికి మనవైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీని తీసుకోండి. మార్చిలో కోటి రూపాయల తోతాపురి గుజ్జు అరువు మీద పంపించారు. పది లక్షల లాభం ఆ రోజే పుస్తకంలో పడుతుంది. డబ్బు ఆగస్టులో వస్తుందో రాదో. మార్చి 31న చూస్తే లాభం ఉంది, నగదు లేదు. ఒక ఏడాది ఇలా ఉంటే మామూలే. అయిదేళ్ల లాభం కూడి, అయిదేళ్ల నగదు కూడి చూసినా నగదు బాగా తక్కువగానే ఉంటే అడగాల్సిన ప్రశ్న ఉన్నట్టు. కాబట్టి మిగతా నాలుగేళ్ల నివేదికలూ దించుకుని ఈ రెండు అంకెలే రాసుకోండి.

ఈ పద్ధతికి హద్దు ఉంది. సత్యంలో బ్యాంకు నిల్వలే కట్టుకథ కాబట్టి బయటివాళ్లు కాగితం మీద చూసి పట్టుకోవడం కష్టం. అందుకే ఎంత బాగా చదివినా ఒక్క కంపెనీలో జీవితకాలపు పొదుపు పెట్టకూడదు. చాలామందికి చివరికి తేలేది, విడి షేర్లకన్నా, సెన్సెక్స్ లాంటి సూచీలోని షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్ చాలునని. అలా తేలినా మీ చదువు వృథా కాదు, ఆ ఫండ్ పడినప్పుడు ఎందుకు పడిందో తెలిసి కూర్చోగలుగుతారు.

8. వచ్చిందో లేదో చూసుకోండి

మూడు నెలలయ్యాక పుస్తకాలు మూసి, ఇంట్లో భార్యకో భర్తకో మూడు విషయాలు తెలుగులో చెప్పండి. లాభానికీ నగదుకీ తేడా. మార్కెట్ 30 శాతం పడితే మన ఇంటి ఖర్చు ఏ డబ్బుతో నడుస్తుంది. మనం కొన్న షేరు నిజంగా మనదేనని ఎక్కడ చూసుకోవాలి. విన్నవాళ్లకి అర్థం కాకపోతే మీకింకా రాలేదు, ఆ అధ్యాయానికి మళ్లీ వెళ్లండి.

మూడో దానికి జవాబు గట్టిగా రావాలి. నిజమైన షేర్లు సీడీఎస్ఎల్ లేదా ఎన్ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీలో మీ పేరు మీద ఉంటాయి. యాప్ తెర మీద ఎంత చూపించినా, డిపాజిటరీ నుంచి నేరుగా వచ్చే స్టేట్‌మెంటులో లేకపోతే అవి లేవు.

ఇంకో పరీక్ష ఉంది. ఎవరైనా ఫోన్ చేసి "మామా, ఈ గ్రూపులో నాకు వారంలో ఇరవై వేలొచ్చింది, ఐదు వేలు వెనక్కి కూడా తీసుకున్నా, నువ్వూ చేరు" అన్నారనుకోండి. మొదట చిన్న మొత్తం తిరిగి ఇవ్వడం ఆ మోసంలో భాగమేనని, పెద్ద మొత్తం అడిగినప్పుడు "ముందు పన్ను కట్టండి" అంటారని మీ నోటి నుంచి వెంటనే రావాలి. మన దేశంలో ఉండేవాళ్లకి షేర్ల లాభం మీద పన్ను రిటర్నుల్లో మనమే కట్టుకుంటాం. డబ్బు వెనక్కి ఇవ్వడానికి బ్రోకరు ముందుగా పన్ను అడగడం అనేది లేదు.

ఇప్పటికే డబ్బు పంపి ఉంటే

చదువు పక్కన పెట్టండి. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930 కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి జారిపోతుంది, తొందరగా చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు రాయండి, మీ బ్యాంకుకి కూడా చెప్పండి. గ్రూపులోంచి బయటికి వచ్చేముందే సంభాషణలు, యాప్ తెరలు, డబ్బు వెళ్లిన ఖాతా లేదా యూపీఐ వివరాలు, లావాదేవీ సంఖ్యలు ఫొటోలు తీసి పెట్టుకోండి, వాళ్లు తర్వాత చెరిపేస్తారు. నమోదైన బ్రోకరుతోనో సలహాదారుతోనో గొడవ అయితే దారి వేరు: ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా, వాళ్లు పట్టించుకోకపోతే scores.sebi.gov.in లో. సందేహాలకి సెబీ ఉచిత నంబరు 1800 22 7575.

పోయిన డబ్బు మేం రాబడతాం, కాస్త ఫీజు కట్టండి అని ఆ తర్వాత వారంలో ఇంకొకరు ఫోన్ చేస్తారు. చాలాసార్లు వాళ్లూ అదే ముఠా. ఆ నంబరు కూడా ఫిర్యాదులో చేర్చండి.